లెవెల్ గీత తిన్నగా ఉండాలట!

మా ఫ్యాక్టరీలో ఒక ట్యాంకు ఉంది. దాని పని నిండడం, తగ్గడం. అంతకు మించి దానికి వేరే పని లేదు. అలాంటి ట్యాంకు నిండుతోందని, తగ్గుతోందని ఒక పెద్దమనిషి కోప్పడ్డాడు. ఆ కోపానికి ఒక కాలమ్ అతలాకుతలమైంది, ఊరి గాలి కంపు కొట్టింది, ఒక మంచి ఆపరేటర్ డ్రమ్ముల యార్డుకి పోయాడు. తలచుకుంటే నాకు ఇవాళ్టికీ ఒళ్లు మండుతుంది.

నేను ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరుని. విజయనగరంలో కాపురం. పొద్దున్నే కంపెనీ బస్సెక్కి, జాతీయ రహదారి పక్కనున్న మందుల ఫ్యాక్టరీకి వెళ్తాను. చదివింది రాజాంలో. ప్లాంటులో ఉన్న కొలిచే పరికరాలు, వాల్వులు, కంట్రోల్ రూములో స్క్రీన్ల మీద పాకే రంగురంగుల గీతలు, ఇవన్నీ నా బాధ్యత. ఏ గీత ఎందుకు వణుకుతోందో, ఏ వాల్వు ఎందుకు ఇరుక్కుందో చెప్పాల్సింది నేనే.

ముందు ఆ ట్యాంకు సంగతి చెప్పాలి. మా దగ్గర మందు రియాక్టర్లలో తయారవుతుంది. ఒక్కో రియాక్టర్‌లో ఒక్కో ఘాణీ, అంటే ఒక విడతకి తయారయ్యే సరుకు. ఘాణీ పూర్తయ్యాక సెంట్రిఫ్యూజులో తిప్పితే గట్టి సరుకు లోపల నిలుస్తుంది, మిథనాల్ కలిసిన నీళ్లు బయటికొస్తాయి. ఆ మిథనాల్‌ని పారబోయం. కాలమ్ అనే పొడవాటి గొట్టపు గోపురంలోకి పంపి, అడుగున ఆవిరితో వేడిచేసి, పైనుంచి మిథనాల్‌ని, కిందనుంచి నీళ్లని వేరుచేస్తాం. మిథనాల్ మళ్లీ రియాక్టర్లకి పోతుంది. నీళ్లు మురుగు శుద్ధి ప్లాంటుకి పోతాయి.

చిక్కేమిటంటే, సెంట్రిఫ్యూజులు ఒక లెక్కన వదలవు. ఒకసారి రెండు మూడు కలిసి ఒక్కపెట్టున కుమ్మరిస్తాయి. తర్వాత చాలాసేపు చుక్క రాదు. కాలమ్ స్వభావం దీనికి పూర్తిగా విరుద్ధం. దానికి నిదానం కావాలి. వచ్చే సరుకు హఠాత్తుగా పెరిగితే అడుగునున్న వేడి చాలక, మిథనాల్ నీళ్లతోపాటు కిందికి జారిపోతుంది. హఠాత్తుగా తగ్గితే వేడి ఎక్కువై, నీటి ఆవిరి కూడా పైకెక్కి మిథనాల్‌ని పాడుచేస్తుంది. అందుకే ఈ రెండింటికీ మధ్యన ఆ ట్యాంకు కట్టారు. దాన్ని మేం సర్జ్ ట్యాంకు అంటాం. పైనుంచి గుట్టలు గుట్టలుగా వచ్చి పడేదాన్ని తన కడుపులో దాచుకుని, కిందికి నెమ్మదిగా, సమానంగా వదలడానికే అది ఉంది.

మా ఇంటి మేడ మీది ట్యాంకుని చూడండి. మునిసిపాలిటీ నీళ్లు వచ్చినప్పుడు నిండుతుంది. మేం గిన్నెలు తోముకుంటూ, స్నానాలు చేస్తూ వాడుకుంటుంటే తగ్గుతుంది. అది ఎప్పుడూ సగానికే ఉండాలని పట్టుబడితే ఏమవుతుంది? నీళ్లు వచ్చినప్పుడే కుళాయిలన్నీ తిప్పేసుకోవాలి, రానప్పుడు కట్టేసుకోవాలి. అప్పుడిక ట్యాంకెందుకు? సర్జ్ ట్యాంకుదీ అదే సంగతి. దాని లెవెల్ కదలకుండా బిగించామా, పైనుంచి ఎంత వస్తే అంత, ఎప్పుడు వస్తే అప్పుడు, కిందికి పోవాల్సిందే. ట్యాంకు పోయి లావుపాటి గొట్టం మిగులుతుంది.

నేను ఆ ఫ్యాక్టరీలో చేరిన కొత్తలో, లెవెల్‌ని బట్టి ప్రవాహాన్ని పెంచి తగ్గించే ఆ ట్యాంకు కంట్రోలర్‌ని కుదురుగా కూర్చుని సరిచేశాను. సెంట్రిఫ్యూజులు కలిసికట్టుగా వదిలితే గరిష్ఠంగా ఎంత వస్తుందో, ట్యాంకులో ఎంత చోటుందో లెక్కవేసుకున్నాను. లెవెల్ ఇరవై శాతం నుంచి ఎనభై శాతం దాకా తన ఇష్టప్రకారం తిరగనిచ్చాను. లెవెల్ పెరిగేకొద్దీ కాలమ్‌కి పోయే ప్రవాహం కొద్దికొద్దిగా పెరుగుతుంది, తగ్గేకొద్దీ కొద్దికొద్దిగా తగ్గుతుంది. ఎనభై దగ్గరికి వచ్చేసరికి కాలమ్ తట్టుకోగలిగినంత పూర్తి ప్రవాహం పోతుంటుంది గనక పొంగే భయం లేదు. అదీ దాటితే, దీనితో సంబంధం లేని వేరే స్విచ్ ఒకటి పైనుంచి సరుకు తెచ్చే పంపుల్ని ఆపేస్తుంది. అడుగున ఇంకో స్విచ్, కాలమ్‌కి తోసే పంపు ఖాళీగా తిరక్కుండా. ఘాణీలు ఎక్కువున్న రోజున లెవెల్ ముప్పావు దగ్గర నిలబడేది, మందకొడి రోజున పావు దగ్గర. ఎక్కడ నిలబడినా కాలమ్‌కి పోయే ప్రవాహం గీత మాత్రం కుదురుగా, నిద్రపోతున్న పిల్లాడిలా ఉండేది.

అలా ఏళ్లు గడిచాయి. ఎవరూ మెచ్చుకోలేదు, ఎవరూ తిట్టలేదు. మా పనిలో తిట్టు పడకపోవడమే మెప్పు.

అప్పుడు హెడ్డాఫీసులో కొత్త ఊపు వచ్చింది. అన్ని ఫ్యాక్టరీల కంట్రోలర్లనీ ఒక సాఫ్ట్‌వేర్ దూరం నుంచే చూసి మార్కులు వేస్తుందట. పెట్టిన గురికి ఎంత దగ్గరగా ఉంటే అంత ఆకుపచ్చ, ఎంత దూరంగా ఉంటే అంత ఎరుపు. ఆ ఎరుపుల్ని ఆకుపచ్చ చేయడానికి ఒక అధికారి వచ్చాడు. నీటుగా ఇస్త్రీ చేసిన చొక్కా, మెడలో ఐడీ కార్డు, చేతిలో ట్యాబ్. మాట మెత్తన. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే ట్యాబ్ కేసి చూసుకునే అలవాటు.

కంట్రోల్ రూములో నిలబడి, ట్యాబ్ మీద వేలు పెట్టి, "మేడమ్, మీ ప్లాంటులో అన్నిటికంటే అధ్వాన్నమైన లూప్ ఇదేనండీ," అన్నాడు. సర్జ్ ట్యాంకు లెవెల్ అది. నెత్తురులా ఎర్రగా ఉంది.

"అది అలాగే ఉండాలి సార్. దాని పనే అది," అన్నాను.

"సెట్ పాయింట్ యాభై అని పెట్టారు. లెవెల్ ఒకసారి ముప్పై, ఒకసారి డెబ్భై. దీన్ని కంట్రోల్ అంటారా?"

"ఆ యాభై గురి కాదండీ, ఉత్త గుర్తు. మనం కాపాడాల్సింది లెవెల్‌ని కాదు. ఒక్కసారి కాలమ్‌కి పోయే ప్రవాహం గీత చూడండి."

ఆయన చూడలేదు. చిన్నగా నవ్వి, "ప్రతి ప్లాంటులోనూ ఇదే మాట వింటాను. మాది ప్రత్యేకం, మాది వేరు అని. లెవెల్ గీత తిన్నగా ఉండాలండీ. అంతే," అన్నాడు.

అంతే! ఆ ట్యాంకు ఎందుకు కట్టారో అడగలేదు. దాని తర్వాత ఏముందో అడగలేదు. నా ముందే కంట్రోలర్ గెయిన్‌ని, అంటే లెవెల్ కాస్త కదిలితే ప్రవాహాన్ని ఎంత గట్టిగా తిప్పాలో చెప్పే అంకెని, ఎన్నో రెట్లు పెంచేశాడు. అలారాలు కూడా బిగించాడు. లెవెల్ నలభై అయిదు కంటే తగ్గినా, యాభై అయిదు కంటే పెరిగినా కంట్రోల్ రూములో గంట మోగాలి. కాసేపటికి లెవెల్ గీత బద్ద పెట్టి గీసినట్టు తిన్నగా వచ్చింది. ట్యాబ్‌లో ఎరుపు పోయి ఆకుపచ్చ వచ్చింది. దానికో ఫొటో తీసుకున్నాడు. మా ప్లాంటు పెద్దలు చప్పట్లు కూడా కొట్టారు. నేను కొట్టలేదు.

కాలమ్ బోర్డు చూసే ఆపరేటరు నౌపడ వైపువాడు. వాళ్లవాళ్లు సముద్రం మీద వేటకెళ్లేవాళ్లు. ఇతను ఐటీఐ చదివి ఇటు వచ్చాడు. పొట్టిగా, గట్టిగా, గంభీరంగా ఉంటాడు గానీ నోరు విప్పితే నవ్వు ఆగదు. ఆ కాలమ్‌ని తన సొంత బండిలా చూసుకునేవాడు. ఆ వారమే నా దగ్గరికొచ్చి, "మేడమ్, ఏటిది? కాలమ్‌కి పూనకం వచ్చినాది," అన్నాడు.

వెళ్లి చూశాను. ప్రవాహం గీత రంపం పళ్లలా ఉంది. సెంట్రిఫ్యూజులు వదలగానే సరుకంతా గుప్పున కాలమ్ మీద పడుతోంది. ఆవిరి వాల్వు కంగారుగా తెరుచుకుని వేడి అందించేలోగా మిథనాల్ కిందికి జారిపోతోంది. వేడి అందేసరికి పైనుంచి సరుకు ఆగిపోయి, ఈసారి నీళ్లు పైకెక్కుతున్నాయి. రోజంతా అదే. మిథనాల్ పరీక్షలో తప్పుతోంది, తిరిగి కాలమ్‌కే పంపి మళ్లీ మరిగించాల్సి వస్తోంది. లెవెల్ గీత ఒక్కటే, పాపం, బుద్ధిగా తిన్నగా ఉంది.

ఇంకా ఘోరం మురుగు శుద్ధి ప్లాంటులో. అక్కడ గాలి ఊదే తొట్టెల్లో సూక్ష్మజీవులు ఉంటాయి. రోజూ వచ్చే మోతాదుకి అవి అలవాటు పడి ఉంటాయి. మిథనాల్ ఒక్కసారిగా మీద పడేసరికి ఆ నీళ్లలో ఆక్సిజన్ అడుగంటిపోయింది. నురగ వచ్చింది. దాని వెనకే కుళ్లు కంపు. గాలి ఊరి వైపు తిరిగిన రోజున జనం గేటు ముందుకొచ్చారు. ఒక ముసలామె ముక్కుకి చీర కొంగు అడ్డం పెట్టుకుని సెక్యూరిటీ అతన్ని నిలదీస్తోంది. "ఒరే, మేం అన్నం తినాలా వద్దా? సెప్పు! నోట్లో ముద్ద పెడితే కంపే. మీ ఇంటికాడ ఇలాగుంటే ఊరుకుంటావా?" అతను ఏం చెప్తాడు? బస్సు కిటికీలోంచి ఆ మాటలు వింటూ లోపలికెళ్లాను. సిగ్గుతో కాదు, మంటతో. ఎక్కడో ఏసీ గదిలో ఒక గడి ఆకుపచ్చగా ఉండడం కోసం ఆ ముసలామె అన్నం మానుకోవాలా?

ఆ రోజుల్లోనే ఆ ఆపరేటరు ఒక పని చేశాడు. చూసి చూసి విసిగిపోయి, కంట్రోలర్‌ని ఆటో నుంచి మాన్యువల్‌కి మార్చి, ప్రవాహాన్ని ఒక చోట నిలబెట్టాడు. కాలమ్ కుదుటపడింది. లెవెల్ మాత్రం పెరుగుతూ తగ్గుతూ తిరగడం మొదలెట్టింది. ట్యాంకు నిండిపోయే ప్రమాదమేం లేదు, అతను కన్నేసే ఉంచాడు. కానీ యాభై అయిదు దాటగానే అలారం మోగింది. నొక్కేశాడు. నలభై అయిదు దిగగానే మళ్లీ మోగింది. మళ్లీ నొక్కేశాడు. హెడ్డాఫీసులో సాఫ్ట్‌వేర్ ఇదంతా పట్టేసింది. ఆటోలోంచి తీసేయడం ఒక తప్పు. అలారాలు పట్టించుకోకపోవడం ఇంకో తప్పు. మిథనాల్ పాడవడానికీ, మురుగు కంపుకీ కారణం ఎవరని వెతుకుతున్నవాళ్లకి మనిషి దొరికాడు.

మీటింగులో ఆ హెడ్డాఫీసు అధికారి స్క్రీన్ మీద కనిపించి, "ఆపరేటర్ నిర్లక్ష్యం స్పష్టంగా ఉంది," అన్నాడు. నేను లేచి, "సార్, సరుకు పాడవడం అతను మాన్యువల్‌కి మార్చకముందే మొదలైంది. అతను మార్చాక బాగుపడింది. టైములు చూడండి," అన్నాను. "మేడమ్, ఆపరేటర్ల మీద జాలి వేరు, క్రమశిక్షణ వేరు," అన్నాడాయన.

జాలట! గీతలు ఎదురుగా పెట్టుకుని, వాటిమీది సమయాలు చదవమంటే దానికి జాలి అని పేరు పెట్టాడు. ఆ గదిలో ఉన్నవాళ్లలో సగంమందికి నేను చెప్పేది తెలుసు. ఒక్కరూ తలెత్తలేదు. ఆపరేటరుని కంట్రోల్ రూము నుంచి తీసేసి డ్రమ్ముల యార్డులో వేశారు. ఎండలో నిలబడి ఖాళీ డ్రమ్ములు లెక్కచూసుకోవడం అతని పని.

క్యాంటీన్ దగ్గర కనిపించాడు. నవ్వు లేదు. "ఏటి సేస్తాను మేడమ్? కాలమ్ అలాగ ఏడస్తంటే సూస్తా కూకోమంటారా? కూకుంటే సరుకు పాడయ్యిందంటారు. ముట్టుకుంటే ఎందుకు ముట్టుకున్నావంటారు."

"నీ తప్పేం లేదన్నా. నేను వదలను," అన్నాను.

"మీరొక్కరూ ఏటి సేస్తారు మేడమ్? నా గురించి మీరు మాట పడకండి. కానీ ఒకటి. అందరి ముందరా నన్ను నిర్లక్ష్యమన్నారు. నేను నిర్లక్ష్యం మనిషినా? ఆ మాటే నాకు మింగుడుపడతన్లేదు."

ఇంటికొచ్చి అన్నం సయించక కూర్చున్నాను. మా ఆయన స్కూలు మాస్టారు. సంగతంతా విని, "పై ఆఫీసు వాళ్లతో నీకెందుకు గొడవ? వాళ్లు మార్చారు, వాళ్లే పడతారు," అన్నారు. "వాళ్లు పడట్లేదండీ. ఒక ఆపరేటరు పడుతున్నాడు, ఊళ్లోవాళ్లు పడుతున్నారు. వాళ్లకి ఆకుపచ్చ రంగు వస్తోంది," అన్నాను. ఆయన పెరుగన్నం కలిపి నా ముందు పెట్టారు.

నేను రాసి పంపిన వివరణలకి జవాబు లేదు. గొడవ ఆపలేదు గనక చివరికి ఆ అధికారి మళ్లీ వచ్చాడు. "సరే, మేడమ్ పద్ధతి కూడా ప్రయత్నిద్దాం," అని అందరి ముందూ ఉదారంగా ప్రకటించి, గెయిన్‌ని బాగా తగ్గించాడు. తగ్గించి వెళ్లిపోయాడు. మర్నాడు స్క్రీన్ మీద మీటింగు పెట్టి గీత చూపించాడు. లెవెల్ సముద్రపు అలలా మెల్లగా పైకి లేస్తోంది, మెల్లగా కిందికి పడుతోంది, మళ్లీ లేస్తోంది. దానితోపాటు ప్రవాహమూ ఊగుతోంది. సెంట్రిఫ్యూజులు ఆగి ఉన్నప్పుడు కూడా ఆ ఊగుడు ఆగట్లేదు.

"చూశారుగా. వదులుగా పెడితే ఇదీ ఫలితం," అన్నాడు.

ఆ గీత చూడగానే ఆయన ఏం చేశాడో నాకు అర్థమైంది. ఆ కంట్రోలర్‌కి రెండు మీటలు ఉంటాయి. ఒకటి గెయిన్. రెండోది తొందర అనుకోండి. లెవెల్ గురికి దూరంగా ఉన్నంతసేపూ కంట్రోలర్ ఊరుకోకుండా ఇంకా ఇంకా తోస్తూ పోతుంది. ఎంత తొందరగా తోయాలన్నది ఆ రెండో మీట. ఆయన మొదటిది తగ్గించి, నేను అసలు వాడని రెండోదాన్ని తను మొదట వచ్చినప్పుడు పెట్టిన తొందరలోనే వదిలేశాడు. లెవెల్ యాభై పైన ఉన్నంతసేపూ బయటికి పోయేదాన్ని పెంచుకుంటూనే పోయింది. లెవెల్ యాభైకి దిగేసరికి బయటికి పోయేది మితిమీరి ఉంది. అందుకని ఇంకా కిందికి జారింది. అక్కడి నుంచి తగ్గించుకుంటూ పోయింది, మళ్లీ పైకి. ఇలా ఊగక ఏం చేస్తుంది? ట్యాంకు లెవెల్ విషయంలో గెయిన్ తగ్గిస్తే, ఆ తోసే తొందరని కూడా తగ్గించి తీరాలి. లేదా దాన్ని పూర్తిగా తీసేయాలి. ఇది మా చదువులో ఉన్నదే. ఆయన చదువులోనూ ఉండే ఉంటుంది.

"ఇది నా పద్ధతి కాదు సార్. సగం నాది, సగం మీది. ఈ రెండూ కలిస్తే ఊగుతుందని నేనే ముందు చెప్పేదాన్ని, మీరు అడిగి ఉంటే. నా పేరు పెట్టి మీరు ఇష్టమొచ్చినట్టు చేసి, అది చెడిపోయిందని నాకే చూపించడం ఏం న్యాయం?" గొంతు పెరిగింది. తగ్గించుకోలేదు.

అప్పుడు ప్రొడక్షన్ మేనేజర్ నోరు విప్పాడు. ఆయనది రాజాం దగ్గర పల్లె, వడ్లు పండించే కుటుంబం. జుట్టు నెరిసింది. ఇన్నాళ్లూ అందరితోపాటు తల దించుకుని కూర్చున్నవాడే. "సార్, సరుకు పాడైతే అడిగేది నన్ను. ఊరోళ్లు గేటు కాడికి వస్తే ఎల్లి నిలబడేది నేను. రేపు పగలు ఆవిడ సెప్పినట్టు పూర్తిగా పెట్టి సూద్దాం. ఏదైనా అయితే నాదీ పూచీ," అన్నాడు. అధికారి భుజాలు ఎగరేసి, "మీ ఇష్టం. నేను మాత్రం చూస్తూ ఉంటాను," అన్నాడు.

మర్నాడు పగటి షిఫ్టులో కూర్చున్నాను. ఆ తోసే మీటని తీసేశాను. గెయిన్ నా పాత లెక్కకి తెచ్చాను. అలారాలు మళ్లీ ఇరవైకీ ఎనభైకీ జరిపాను. పైనా కిందా ఉన్న స్విచ్‌లు పనిచేస్తున్నాయో లేదో ముందే పరీక్షించి పెట్టుకున్నాను.

పొద్దున కాస్త బాగానే నడిచింది. మధ్యాహ్నానికి, అదేం కర్మమో, సెంట్రిఫ్యూజులు అన్నీ దాదాపు ఒకేసారి వదలడం మొదలెట్టాయి. లెవెల్ యాభై దాటింది. అరవై. ఇంకా పైకి. కాలమ్‌కి పోయే ప్రవాహం మాత్రం హడావుడి లేకుండా నెమ్మదిగా, మెట్లెక్కుతున్న ముసలాయనలా పెరుగుతోంది. బోర్డు మీదున్న కొత్త ఆపరేటరు మౌస్ పట్టుకున్నాడు. "మేడమ్, వాల్వు తీసేద్దునా?"

"ముట్టుకోకు బాబూ."

ఫోన్ మోగింది. హెడ్డాఫీసు అధికారే. స్పీకర్లో పెట్టాను. "మేడమ్, డెబ్భై దాటింది. మాన్యువల్‌లో పెట్టి కాలమ్‌కి పంపేయండి. ఇది పొంగితే బాధ్యత మీది!"

ఎవరు మాన్యువల్‌లో పెట్టినందుకు డ్రమ్ములు లెక్కపెడుతున్నాడో గుర్తుకొచ్చి నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "సార్, ఇది పొంగదు. డెబ్భై దాటడం కోసమే ట్యాంకులో ఆ చోటు ఉంది. దయచేసి ఇప్పుడైనా పక్కనున్న ప్రవాహం గీత చూడండి," అని ఫోన్ పక్కన పెట్టాను.

ప్రొడక్షన్ మేనేజర్ నా కుర్చీ వెనక నిలబడి ఉన్నాడు. చెమట తుడుచుకుంటూ, "ఏటమ్మా, ఇది ఆగుతాదా?" అన్నాడు. "ఆగుతుంది సార్," అన్నాను. లెక్క తెలుసు. కానీ అంకెలు వేరు, కళ్లముందు ట్యాంకు నిండుతుంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం వేరు.

డెబ్భై మూడు దగ్గర గీత మందగించింది. డెబ్భై అయిదు దాకా పాకి, అక్కడ ఆలోచించుకుంటున్నట్టు నిలబడింది. బయటికి పోయేది, లోపలికి వచ్చేది సమానమయ్యాయి. తర్వాత సెంట్రిఫ్యూజులు ఒక్కొక్కటే ఆగాయి. గీత కిందికి తిరిగింది. ఆ మధ్యాహ్నమంతా మెల్లగా దిగుతూ, కాలమ్‌కి కొరత రాకుండా దాచుకున్నదాన్ని ఇస్తూ వచ్చింది. కాలమ్ పైన ఉష్ణోగ్రత గీత కదలలేదు. మిథనాల్ శాంపిల్ ల్యాబ్ నుంచి పాసై వచ్చింది. కింది నీళ్లలో మిథనాల్ ఉండాల్సిన చోటికి దిగింది. మేనేజర్ ఒక కుర్చీ లాక్కుని కూర్చుని, "టీ తెప్పించండిరా," అన్నాడు.

మరి కొన్నాళ్లకి మురుగు ప్లాంటు కోలుకుంది, కంపు తగ్గింది. గేటు దగ్గరికి జనం రావడం ఆగింది. ఇంత జరిగాక ఆ అధికారి ఏమన్నాడో తెలుసా? నెలవారీ సమీక్షలో, "ఈ ఒక్క ట్యాంకుకి ప్రత్యేక మినహాయింపు ఇస్తున్నాం," అన్నాడు. మినహాయింపు! మేమేదో అసమర్థులం బతిమాలుకుంటే దయతలచినట్టు. మా సర్జ్ ట్యాంకుని ఆ సాఫ్ట్‌వేర్ జాబితా నుంచి తీసేశారు. అంతేగానీ, ఇలాంటి ట్యాంకులకి మార్కులు వేయాల్సింది లెవెల్ తిన్నగా ఉందా అని కాదు, హద్దులు దాటకుండా ఉందా, దాని కిందికి పోయే ప్రవాహం కుదురుగా ఉందా అని, ఆ ముక్క మాత్రం ఒప్పుకోలేదు. మిగతా ఫ్యాక్టరీల్లో అలాంటి ట్యాంకులు ఎన్ని తిన్నని గీతలతో ఆకుపచ్చగా వెలిగిపోతున్నాయో, వాటి కింద ఎన్ని కాలమ్‌లు పూనకం పట్టి ఊగుతున్నాయో ఆలోచిస్తే కడుపు రగిలిపోతుంది.

"ఆపరేటర్ సంగతేంటి సార్?" అని అదే సమీక్షలో అడిగాను.

"అది మానవ వనరుల విభాగం చూసుకుంటుంది," అన్నాడు.

"నిర్లక్ష్యం అన్నది ఆ విభాగం కాదు. మీరు."

స్క్రీన్‌లో ఆయన బొమ్మ కాసేపు కదల్లేదు. నెట్ ఆగిందో, ఆయనే ఆగాడో తెలియదు. తర్వాతి అంశానికి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం ప్రొడక్షన్ మేనేజర్ గదికి వెళ్లాను. కూర్చోమన్నా కూర్చోలేదు. "అతన్ని బోర్డుకి తెస్తారని విన్నాను సార్. కానీ ఊరికే తెస్తే చాలదు. ఏ నోళ్లు అతన్ని అందరి ముందూ అన్నాయో, ఆ నోళ్లే కాదని చెప్పాలి. హెడ్డాఫీసాయన ఎలాగూ చెప్పడు. మీరు ఆ రోజు గదిలో ఉన్నారు, ఏమీ అనలేదు," అన్నాను.

ఆయన ముఖం ఎర్రబడింది. "నన్నూ దులిపేస్తన్నావేటమ్మా," అన్నాడు. కిటికీ వైపు తిరిగాడు. నాకు కూడా ఎక్కువ అన్నానేమో అనిపించింది. అయినా వెనక్కి తీసుకోలేదు.

ఆపరేటరు తిరిగి వచ్చిన రోజు షిఫ్టు మారే వేళ. వెళ్లేవాళ్లు, వచ్చేవాళ్లు అంతా కంట్రోల్ రూములో ఉన్నారు. మేనేజర్ లోపలికొచ్చాడు. గొంతు సవరించుకుని, "ఒరే, అందరూ ఇనండి," అన్నాడు. "ఈయన కాలమ్ పాడుసేసినాడని మేం అన్నాం. తప్పు మాది. ట్యాంకు లెవెల్ బిగించింది మేం. ఈయన సేసింది మంచి పనే. నాకు తెలిసీ నేను నోరు మూసుకున్నాను. అదీ సంగతి." చెప్పేసి, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్లిపోయాడు.

ఎండకి ఆపరేటరు మెడ నల్లబడి ఉంది. కళ్లు తుడుచుకున్నాడు గానీ, వెంటనే కుర్చీ ఎత్తు సరిచేసుకుని, "ఎవుడ్రా ఈ కుర్సీని ఇంత కిందికి దించినాడు?" అని కసిరాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పుడే ఒక సెంట్రిఫ్యూజు వదిలినట్టుంది, లెవెల్ గీత పైకి లేవడం మొదలెట్టింది. అతను దాన్ని చూసి, ఏమీ ముట్టుకోకుండా, పక్కనున్న శాంపిల్ సీసాలు సర్దుకోసాగాడు.

నా కోపం మాత్రం దిగలేదు. బస్సులో కూర్చుని విజయనగరం వచ్చేదాకా లెక్కలు వేసుకుంటూనే ఉన్నాను. వచ్చే నెల సమీక్షలో ఆ మినహాయింపు అన్న మాట ఎలా తీయించాలా అని.